అన్న రాసినట్టు లేదు



మా పోడు పట్టాల గ్రూపులో జరిగిన సంగతి చెప్తాను. మా అటవీ హక్కుల కమిటీలో ఒక అన్న ఉన్నాడు. ఆయన టైపు చేయడు. వాయిస్ పెడతాడు, సగం కోయలో, సగం తెలుగులో. నన్ను బావా అంటాడు. ఒక రాత్రి పదకొండింటికి ఆయన నంబరు నుంచి మెసేజ్ వచ్చింది: "హలో అండీ, క్లెయిమ్ పెట్టిన వాళ్లందరి ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు అర్జెంటుగా పంపగలరు." నంబరు ఆయనదే, ఫొటో ఆయనదే. ఆ 'అండీ' మాత్రం ఆయనది కాదు.

అప్పటికే ఇద్దరు పంపేశారు. నేను మామూలు కాల్ చేశాను, కలవలేదు. కలవదు కూడా, వాళ్ల ఊళ్లో గుట్ట ఎక్కితేనే సిగ్నల్. మరి ఆ రాత్రివేళ టైపు చేస్తున్నది ఎవరు? "నువ్వేనా అన్నా?" అని అడిగితే ఎవడైనా అవునంటాడు. అందుకే "అత్తకి జ్వరం తగ్గిందా?" అని కోయలో రాశాను. అత్తకి అసలు జ్వరమే లేదు. "తగ్గింది అండీ, ఫొటోలు పంపండి" అని జవాబు! కోయని ఏదో రకంగా అర్థం చేసుకున్నాడేమో గానీ, అత్త సంగతి వాడికేం తెలుసు.

వెంటనే అది అన్న కాదని గ్రూపులో చెప్పి, అడ్మిన్‌తో ఆ నంబరు తీయించాం. తెల్లారి సంతలో అన్న దొరికాడు. ముందురోజు తెలిసినవాళ్ల నంబరు నుంచి "పొరపాటున నీకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపు" అని మెసేజ్ వస్తే పంపాడంట. ఆ కోడ్ అన్న వాట్సాప్‌ను ఇంకో ఫోన్‌లో తెరిచే తాళం. అది పంపగానే అన్న ఫోన్‌లో వాట్సాప్ ఆగిపోయింది. నెట్ లేదనుకుని ఊరుకున్నాడు పాపం.

సిమ్ మాత్రం అన్న దగ్గరే ఉంది కదా. అక్కడే మళ్లీ ఆయన నంబరు కొట్టాం, కొత్త కోడ్ వచ్చింది, అది వేయగానే దొంగ బయటికి పోయాడు. కానీ వాడు ముందే పిన్ పెట్టేశాడు. అది తెలియక ఏడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ వారం దొంగకీ అకౌంట్ లేదు, అన్నకీ లేదు. ఫొటోలు పంపిన ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి చెప్పి వచ్చారు. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాల్సి వచ్చేది.

ఇంకో రకం ఉంది, అది కనిపెట్టడం కష్టం. మన ఫోన్ కాసేపు ఎవరి చేతిలోనైనా ఉంటే, దాన్ని వాళ్ల కంప్యూటర్‌కి కలుపుకోగలరు. అప్పుడు మన వాట్సాప్ ఆగదు. పగలు మనవాడు మాట్లాడతాడు, రాత్రి వేరేవాడు. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి, తెలియనిది ఉంటే లాగౌట్ కొట్టండి.

అయితే రాత మారిన ప్రతిసారీ దొంగ అనుకోవద్దు. మన ఊళ్లలో ఒక ఫోన్ నలుగురు వాడతారు. చదువుకున్న చెల్లి టైపు చేసి పెట్టినా 'అండీ' వస్తుంది. ముందు కనుక్కోండి, గ్రూపులో పరువు తీయకండి.

వారం తర్వాత అన్న అకౌంట్ తిరిగొచ్చింది. టూ-స్టెప్ పిన్ ఈసారి ఆయనే పెట్టుకున్నాడు. గ్రూపులో మొదటి వాయిస్: "బావా, మా అమ్మకి జ్వరమని ఎవడు చెప్పిండు?"