మాట తిరగేసి చూడాలె

(వార్షికోత్సవ సభలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

నేను ఎనిమిదో తరగతి దాకా చదివినోణ్ణి. పుస్తకాల మాటలు నాకు రావు. ముప్పై ఏండ్లుగా సంఘం లెక్కలు రాస్తున్న, మీటింగులల్ల కూర్చుంటున్న. అక్కడ విన్న మాటల గురించే ఈరోజు చెప్త.

బట్ట కొనేటోడు మీది వైపే చూస్తడు. నేసినోడు తిరగేసి చూస్తడు. ముడి ఎక్కడ పడ్డదో, పోగు ఎక్కడ తెగిందో వెనక వైపే తెలుస్తది. నాయకులు మాట్లాడే కొన్ని మాటలు గూడ అట్లనే ఉంటయి. మీద చూస్తే సాఫుగా ఉంటయి, తిరగేస్తే ఎవరినో తక్కువ చేసిన ముడి కనబడ్తది. ఇట్లాంటి మాటను ఇంగ్లీషులో 'డాగ్ విజిల్' అంటరట. కుక్కలను పిలిచే ఈల ఒకటి ఉంటది. ఊదితే మనుషులకు వినబడదు, కుక్కకే వినబడ్తది. ఈ మాట గూడ అంతే. అందరికీ మామూలుగా వినబడ్తది, వినవలసినోళ్ళకు మాత్రం ఇంకో అర్థం చేరుతది.

మన కర్ణాటకలోనే జరిగిన సంగతి చెప్త. 2023 జూన్ 11న శక్తి పథకం మొదలైంది. రాష్ట్రం లోపల మామూలు సర్కారు బస్సులల్ల ఆడవాళ్ళకు టికెట్ లేదు. అదే ఏడు ఆగస్టులో గృహలక్ష్మి మొదలై, ఇంటి యజమానురాలికి నెలకు 2000 రూపాయలు అన్నరు. మన ఇండ్లల్ల కండెలు చుట్టే అక్కలు హుమనాబాదుకు, బీదరుకు టికెట్ లేకుండ పోయి వస్తున్నరు.

2024 ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలు వచ్చినయి. తుమకూరు జిల్లా తురువేకెరెలో ప్రచార సభ. మాజీ ముఖ్యమంత్రి హెచ్.డి. కుమారస్వామి గారు మాట్లాడుతూ, ఈ గ్యారంటీ పథకాల వల్ల ఊర్లల్ల మన తల్లులు కొంచెం దారి తప్పిన్రు అన్నరు.

'దారి తప్పిన్రు' అంటే ఏంది? బీదరు పోవాల్సినోడు జహీరాబాదు బస్సు ఎక్కితే దారి తప్పిండు అంటం. అందులో తిట్టు లేదు. కానీ ఒక ఆడమనిషి గురించి 'ఆమె దారి తప్పింది' అని కట్ట మీద కూర్చున్నోళ్ళు అంటే దాని అర్థం మనకు చెప్పనక్కరలేదు. కన్నడంలోనైనా తెలుగులోనైనా ఈ మాటకు రెండు అర్థాలు ఉన్నయి. అందుకే రాష్ట్రమంతా గొడవ అయింది. మహిళా సంఘాలు రోడ్డు మీదికి వచ్చినయి, రాష్ట్ర మహిళా కమిషన్ కదిలింది. ఆయన, అవమానించాలని అనలేదు, ఎచ్చరిక చేసిన, ఎవరికైనా బాధ కలిగితే విచారిస్తున్న అన్నరు.

ఆయన మనసులో ఏముందో మనం చూడలేదు, తీర్పు చెప్పడానికి మనం ఎవరం? కానీ మాట ఎట్ల పని చేసిందో చూడవచ్చు. వినేటోళ్ళల్ల ఒకరికి 'పథకం మంచిది కాదు' అని వినబడ్తది. ఇంకొకరికి 'బస్సెక్కి తిరిగే ఆడోళ్ళు మంచోళ్ళు కాదు' అని వినబడ్తది. రెండోది ఎవరూ నోటితో అనలేదు గనుక అడిగితే జవాబు సులువు: 'నేను అట్ల అన్ననా?' ఈ జారుకునే సందు ఉండుడే ఇట్లాంటి మాటకు గుర్తు.

దీనితో ఒక నష్టం ఉంది. పథకం మీద న్యాయంగ అడగవలసిన ప్రశ్నలు ఉన్నయి. బస్సుల సంస్థకు సర్కారు పైసలు వేళకు ఇస్తున్నదా? బస్సులు చాలుతున్నయా? ఇది లెక్కల మాట, ఎవరైనా అడగవచ్చు, అడిగినోణ్ణి తప్పు పట్టగూడదు. 'దారి తప్పిన్రు' అన్నంక లెక్క పక్కకు పోయింది, ఆడోళ్ళ గుణం మీద ముచ్చట మొదలైంది. పథకాన్ని అంటున్నరా, పథకం తీసుకున్న మనిషిని అంటున్నరా, అది చూస్తే తేడా తెలుస్తది.

ఇది మన దగ్గరే కాదు. 1976లో అమెరికాలో రోనాల్డ్ రీగన్ ఎన్నికల ప్రచారంలో, షికాగోలో ఒక ఆడమనిషి దొంగ పేర్లతో సర్కారు సాయం దండుకుంటున్నదని మళ్ళీ మళ్ళీ చెప్పిండు. ఆమె రంగు ఆయన చెప్పలేదు. కానీ విన్న తెల్లవాళ్ళల్ల చాలామంది మనసులో బీద నల్లజాతి ఆడోళ్ళే మెదిలిన్రు. మోసం చేసింది ఒక్కరు, చెడ్డపేరు వేలమంది నిజమైన బీదోళ్ళకు అంటింది.

మాటను తిరగేసే ఉపాయం ఒకటి చెప్త. ఆ మాటలో మనిషిని మార్చి చూడండి. పెద్ద మిల్లుకు సర్కారు భూమి, కరెంటు తక్కువ ధరకు ఇస్తే దానికి 'ప్రోత్సాహకం' అని పేరు. ఆ మిల్లు యజమాని దారి తప్పిండని ఏ సభలోనైనా విన్నరా? మనకు నూలు మీద రాయితీ వస్తే మాత్రం 'ఉచితాలకు అలవాటు పడ్డరు' అంటరు. ఇద్దరికీ పైసలు సర్కారు ఖజానా నుంచే వచ్చినయి. మాట మారిందంటే మనిషిని చూసి మారిందన్నట్టు.

సామెతలల్ల గూడ ఈ ముడి ఉంటది. 2023 ఆగస్టులో నటుడు ఉపేంద్ర, ఆయనే ప్రజాకీయ పార్టీ పెట్టినాయన, తనను విమర్శించేటోళ్ళ గురించి చెప్తూ ఒక కన్నడ సామెత వాడిండు. ఊరు అన్నంక దళితుల వాడ ఉంటది అన్న భావం దానిది. అంటే చెడ్డోళ్ళు ఎక్కడైనా ఉంటరు అని చెప్పడానికి దళితుల వాడను చూపించినట్టు. మన తెలుగులో గూడ ఇట్లాంటివి ఉన్నయి, మన నోట్లల్లనే ఉన్నయి. ఆయన వీడియో తీసేసి క్షమాపణ చెప్పిండు, పోలీసు కేసులు అయినయి, హైకోర్టు వాటి మీద స్టే ఇచ్చింది. కేసు సంగతి కోర్టు చూసుకుంటది. మనం చూడవలసింది ఒకటే: ఆ వాడల ఉండే పిల్లగాడు ఆ సామెత వింటే ఏమనుకుంటడు?

ఇక నా తప్పు ఒకటి చెప్తె గాని ఈ ప్రసంగం పూర్తి కాదు. కొన్నేండ్ల కింద నూలు తక్కువ వచ్చింది. ఎవరికి ముందు ఇయ్యాలె అని సంఘంలో మాట వచ్చింది. నేను లేచి, 'ముందు పాత నేతగాళ్ళకు ఇద్దాం, కొత్తగా మగ్గం ఎక్కినోళ్ళకు తర్వాత చూద్దాం' అన్న. అందరూ తల ఊపిన్రు. వెనక వరుసల ఒక అక్క లేచింది. 'అన్నా, కొత్తగా అంటే ఎన్నేండ్లు? నేను మగ్గం ఎక్కి పంతొమ్మిదేండ్లయింది' అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను ఏండ్ల లెక్క చెప్పలేదు. ఆ అక్కది నేత కులం కాదు, పని నేర్చుకొని మగ్గం ఎక్కింది. 'కొత్తోళ్ళు' అంటే మా అందరికీ కులమే అర్థమైంది. ఆమెకు గూడ అదే అర్థమైంది. మూడేండ్ల కింద మగ్గం ఎక్కిన మా తమ్ముని కొడుకు ఆ రోజు 'పాత' లెక్కల ఉండె. నేను చెడ్డగ అనుకొని అనలేదు, అయినా మాట చేసే పని చేసింది.

ఆ రోజే జాబితా చింపేసినం. ఎవరు ఎన్ని గజాలు నేసి ఇచ్చిన్రో బుక్కుల చూసి, ఆ వరుసల నూలు పంచినం. ఆ అక్కకు మొదటి పది మందిల వచ్చింది.

గందుకే చెప్తున్న. రేపు ఓట్ల కోసం ఎవరైనా వచ్చి, ఏ పార్టీ అయినా సరే, 'అట్లాంటోళ్ళు', 'వాళ్ళు', 'కొత్తగా వచ్చినోళ్ళు' అంటే ఆ అక్క అడిగినట్టు అడగండి. 'ఎవరు సారు? పేరు పెట్టి చెప్పండి. ఎన్నేండ్లు? ఎంత పైసలు?' నిజమైన లెక్క ఉన్నోడు చెప్తడు. లేనోడు నవ్వి మాట మారుస్తడు. సంఘం మీటింగుల నేను మాట్లాడినా ఇదే అడగండి.