కోర్సు మానేస్తే అప్పు దానంతటది ఆగదు
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకిచ్చిన విషయం పిల్లల చదువుల కోసం రెండేళ్లకో మూడేళ్లకో ముందే డబ్బు కట్టేసే ప్లాన్లు. నీట్ ఫౌండేషన్ అని, ఐఐటీ కోచింగ్ అని, స్పోకెన్ ఇంగ్లీష్ అని ఫోన్లో నేర్పేవి, సెంటర్లో నేర్పేవి రెండూ మన ఊళ్లకు వచ్చినాయి. పిల్లోడు మధ్యలో మానేస్తే కట్టిన డబ్బులో ఏం తిరిగొస్తుంది, ఎట్లా అడగాల, అదొక్కటే మాట్లాడతాను.

ముందు ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఇట్లాంటి ప్లాన్ తీసుకున్నప్పుడు మనం సంతకం పెట్టేది ఒక కాగితం మీద కాదు, రెండిటి మీద. ఒకటి చదువు చెప్పే కంపెనీతో. రెండోది అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీతో. ఇంటికొచ్చిన అబ్బాయి "నెలకు ఇంత కడితే చాలమ్మా, వడ్డీ లేదు" అంటాడు. మన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. ఆ ఓటీపీ చెప్పడమే చాలాసార్లు అప్పు పత్రం మీద మన సంతకం. ఫైనాన్స్ కంపెనీ ఫీజు మొత్తం చదువు కంపెనీకి ముందే ఇచ్చేస్తుంది. తర్వాత మనం నెలనెలా కట్టేది ఫీజు కాదు, అప్పు కిస్తీ.

అందుకే పిల్లోడు క్లాసులు చూడడం మానేసినా, యాప్ తీసేసినా, "క్యాన్సిల్ చేసినాం" అని చదువు కంపెనీ ఫోన్లో చెప్పినా, కిస్తీ మాత్రం మన ఖాతా నుంచి పోతానే ఉంటుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇంట్లోకి డబ్బు రాదు. ఖాతాలో లేనప్పుడు కిస్తీ కొడితే బ్యాంకు ఒక జరిమానా, ఫైనాన్స్ కంపెనీ ఒక జరిమానా వేస్తాయి. సిబిల్‌లో మన పేరు దెబ్బతింటుంది. రేపు ఏ బ్యాంకుకు సొంతంగా అప్పుకు పోయినా ఆ మచ్చ కనపడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఇది జరిగిన కథ కాదు, అర్థం కావడానికి చెప్పే ఉదాహరణ. జువ్వలదిన్నెలో ఒక సభ్యురాలు తొమ్మిదో తరగతి కొడుకు కోసం మూడేళ్ల ప్లాన్ తీసుకుంది అనుకుందాం. మొత్తం 72,000 రూపాయలు. అందులో ట్యాబ్ 12,000, కోర్సు 60,000. ఆమె ముందుగా 12,000 కట్టింది. మిగతా 60,000 అప్పు. నెలకు 2,500 చొప్పున 24 కిస్తీలు. జూలైలో మొదలైంది. వారానికి రెండుసార్లు తెలుగులో సందేహాలు తీర్చే టీచర్ ఉంటారని చెప్పినారు. ఆ టీచర్ రెండు నెలలే వచ్చినారు. మార్చి ఆఖరుకు తొమ్మిది కిస్తీలు కట్టి, ఇంక వద్దనుకుంది.

ఆమెకు ఎంత రావాల? కోర్సు 36 నెలలకు 60,000. తొమ్మిది నెలలంటే నాలుగో వంతు, అంటే 15,000 వాడుకున్నట్టు. మిగిలిన 27 నెలలకు 45,000. ట్యాబ్ వాడుకుంది కాబట్టి ఆ 12,000 అడగదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ 45,000 మొత్తం ఆమె చేతికి రాదు. అప్పులో ఇంకా 15 కిస్తీలు, అంటే 37,500 ఉంది. చదువు కంపెనీ ఆ 37,500 ఫైనాన్స్ కంపెనీకి కట్టి అప్పు మూయించాల. మిగిలిన 7,500 ఆమె ఖాతాలో వేయాల. సరిచూసుకుందాం. ఆమె జేబులో నుంచి పోయింది ముందు 12,000, కిస్తీలు 22,500, కలిపి 34,500. వాడుకున్నది ట్యాబ్ 12,000, చదువు 15,000, కలిపి 27,000. తేడా 7,500. లెక్క సరిపోయింది.

కాబట్టి "నా డబ్బు నాకియ్యండి" అని అడిగితే చాలదు. "అప్పు మూసి, నాకు రావాల్సింది నాకియ్యండి" అని అడగాల. 7,500 చేతికొచ్చి అప్పు మూయకపోతే మనకు మిగిలేది నష్టమే.

ఎట్లా అడగాల? ఫోన్లో కాదు. ఫోన్ చేస్తే చాలా చోట్ల "రెండు నెలలు ఆపి చూడండి", "వేరే ప్లాన్‌లోకి మారుస్తాం" అంటారు. ఆ మాటల్లో ఉండగా, వాళ్ల షరతుల్లో రాసిన రిఫండ్ గడువు దాటిపోతుంది. ఆ గడువు కొన్నిటికి 15 రోజులు, కొన్నిటికి ఇంకా తక్కువ. గడువులోపల అయితే ఆ షరతు ప్రకారమే రాయండి. గడువు దాటినా హక్కు పూర్తిగా పోదు, అప్పుడు మిగిలిన కాలానికి అడగాల.

ఒకే రోజు రెండు చోట్లకు రాయాల. చదువు కంపెనీకి ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టు. ఫైనాన్స్ కంపెనీకి దాని ఫిర్యాదుల అధికారి పేరున ఇంకొకటి. ఉత్తరం ఇట్లా సూటిగా ఉంటే చాలు:

"నా కస్టమర్ నంబరు ఇది. ఏప్రిల్ 1 నుంచి మా అబ్బాయి కోర్సు రద్దు చేసుకుంటున్నాను. ఇస్తామన్న తెలుగు సందేహాల క్లాసులు సెప్టెంబరు నుంచి జరగలేదు. 36 నెలల్లో 9 నెలలు వాడుకున్నాము. మిగిలిన 27 నెలలకు 45,000 రూపాయలు. అందులో 37,500 ఫైనాన్స్ కంపెనీకి కట్టి నా అప్పు మూయించి, బాకీ లేదన్న పత్రం ఇప్పించండి. 7,500 నా ఖాతాలో వేయండి. 15 రోజుల్లో జవాబు ఇవ్వండి."

జవాబు వచ్చేదాకా కిస్తీ ఏం చేయాల అని అడుగుతారు. బ్యాంకుకు పోయి ఆటో డెబిట్ ఆపించొచ్చు. కానీ అది ఆపితే కోత ఆగుతుంది గాని అప్పు ఆగదు. చేతనైతే కట్టండి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి పెట్టండి. అట్లా ఏప్రిల్ కిస్తీ కడితే ఫైనాన్స్ కంపెనీకి పోవాల్సింది 35,000, మనకు రావాల్సింది 10,000 అవుతుంది. లెక్క మారుతుంది గాని ఆ డబ్బు పోదు.

"కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని రసీదు మీద అచ్చేసి ఉంటుంది. దాన్ని చూసి చాలామంది వెనక్కు తగ్గుతారు. ఢిల్లీలో సెహగల్ స్కూల్ ఆఫ్ కాంపిటిషన్ అనే కోచింగ్ సంస్థ రెండేళ్ల ఫీజు ముందే తీసుకున్న కేసులో, మధ్యలో మానుకున్న విద్యార్థికి మిగిలిన కాలం ఫీజు ఇవ్వాలన్న తీర్పును 2009లో జాతీయ వినియోగదారుల కమిషన్ నిలబెట్టింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. హాస్టల్, మెస్ డబ్బులు కూడా అట్లానే. అయితే ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు. ఉత్తరంలో రాయడానికి పనికొస్తాయి. కారణం కూడా ముఖ్యమే. ఇస్తామన్నది ఇవ్వలేదని చూపిస్తే మన పక్షం బలంగా ఉంటుంది. పిల్లోడికి మనసు లేదు అంటే బలహీనం అవుతుంది.

జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి చూస్తారు, తీర్పు ఇవ్వరు. అక్కడ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే కమిషన్‌కు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపల వేయాల. ఈ రెండేళ్లు గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఫైనాన్స్ కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికీ ఖర్చు లేదు.

ఇక్కడ మన జిల్లా వాళ్లకు ఒక చిక్కుంది. ఇంటర్ కాలేజీ, నీట్ కోచింగ్ ఒకే భవనంలో నడుస్తాయి. 2020 జనవరిలో జాతీయ కమిషన్ చెప్పింది ఏందంటే, విద్యాసంస్థల చదువు వినియోగదారుల చట్టం కిందికి రాదు, కోచింగ్ సెంటర్లు వస్తాయి. అందుకని డబ్బు కట్టేటప్పుడు కోచింగ్‌కు వేరే రసీదు అడగండి. మొత్తం ఒకే కాలేజీ పేరున రసీదు ఉంటే, ఆ డబ్బు కోచింగ్‌ది అని నిరూపించడం కష్టం.

చదువు కంపెనీయే మూతపడితే? బైజూస్ సంగతి మీరు విన్నారు. 2024 జూలై 16న బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. మధ్యలో అది ఆగినా, సుప్రీంకోర్టు ఆ ఆపిన ఉత్తర్వును అదే ఏడు అక్టోబరులో కొట్టేసింది. దివాలా ప్రక్రియ నడిచేటప్పుడు కంపెనీ మీద మన కేసులు ముందుకు పోవు. కోర్టు పెట్టిన అధికారి దగ్గర, ఆయన ప్రకటించిన గడువులోపల, రసీదులతో మన బాకీ నమోదు చేయించుకోవాల. అందులో పెద్ద అప్పులోళ్లు ముందుంటారు, మనకు వచ్చేది చాలా తక్కువ ఉండొచ్చు. అయినా నమోదు చేయకపోతే అదీ రాదు. ఫైనాన్స్ కంపెనీ కిస్తీ మాత్రం అప్పుడూ అడుగుతుంది. దానికి కూడా వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాల.

చివరగా సంఘాలకు ఒక మనవి. చదువు కోసం స్త్రీనిధి నుంచో బ్యాంకు లింకేజీ నుంచో అప్పు అడిగిన సభ్యురాలు ఏదైనా ప్లాన్ పేరు చెబితే, తీర్మానం రాసే ముందు మూడు కాగితాలు చూడండి: రిఫండ్ గడువు రాసిన షరతుల కాగితం, ట్యాబ్‌కు ఎంత కోర్సుకు ఎంత అని విడగొట్టిన రసీదు, అప్పు ఎవరు ఇస్తున్నారో చెప్పే కీలక వివరాల పత్రం. ఆ పత్రంలో అప్పు వద్దనుకుంటే తిరిగిచ్చే వ్యవధి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డిజిటల్ అప్పుకు అది కనీసం ఒక రోజు. సాయంత్రం ఓటీపీ చెప్పి, పొద్దున్నే మనసు మారిన అక్క చేయగల పని అదే.

ఇప్పటికే ప్లాన్ మధ్యలో ఆపినోళ్లు ఉంటే, రసీదు తేదీ చూసుకుని వచ్చే నెల గ్రామ సమాఖ్య సమావేశానికి కాగితాలు తీసుకురండి. రెండేళ్లు దాటని వాళ్ల ఉత్తరాలు అక్కడే కూర్చుని రాద్దాం. సెలవు.