ఒక ఫోను, మూడు ఈ-మెయిల్ ఖాతాలు
(సంఘ కార్యదర్శుల, పాలకవర్గ సభ్యుల శిక్షణా సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వెళ్ళినప్పుడు నేను మొదట అడిగేది క్యాష్ బుక్కు, తరువాత ఉత్తర ప్రత్యుత్తరాల ఫైలు. ఈ రోజుల్లో ఆ ఫైలు కార్యదర్శి జేబులోని ఫోనులో ఉంటున్నది. ఒక సంఘంలో జరిగింది చెబుతాను. ఊరి పేరు అవసరం లేదు.

అక్కడి కార్యదర్శి ఫోనులో మూడు ఖాతాలున్నాయి. ఒకటి ఆయన సొంత జీమెయిల్, రెండవది సంఘం జీమెయిల్, మూడవది సంఘం పాత యాహూ ఖాతా. పశువుల మందుల బిల్లులు ఆ మూడవదానికి వచ్చేవి. ఒక పక్షం పాల బిల్లులో వెన్న శాతం తేడా పడింది. ఆయన వెంటనే ఫిర్యాదు వ్రాశాడు. కాని అది సొంత ఖాతా నుంచి వెళ్ళింది. క్రింద సంతకంగా ఆయన పేరు, బీమా ఏజెంటు అన్న హోదా పడ్డాయి. పై కార్యాలయం గుమాస్తా అది సంఘం ఉత్తరమని గుర్తించక ప్రక్కన పెట్టాడు. సభ్యులకు రావలసిన తేడా సొమ్ము ఆగిపోయింది. ఆ తరువాత కార్యదర్శి మారాడు. కొత్తాయన సంఘం ఖాతా తెరిస్తే ఫిర్యాదు జాడే లేదు.

ఇందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. మన ఊళ్ళలో ఎక్కువగా వాడే ఆండ్రాయిడ్ ఫోను, అందులోని జీమెయిల్ యాప్ తీసుకొని చెబుతాను.

ఖాతా చేర్చడం సులభం. యాప్‌లో కుడివైపు పైన ఉన్న గుండ్రని బొమ్మను నొక్కి, Add another account అన్నదానిని ఎంచుకోవాలి. ఏ సంస్థ ఖాతాయో చూపి, చిరునామా, పాస్‌వర్డు ఇవ్వాలి. యాహూ వంటి ఇతర ఖాతాలను కూడా ఇక్కడే చేర్చవచ్చును. అన్నీ ఒకే యాప్‌లో ఉన్నా, దేని ఉత్తరాలు దానివే.

ఇక ఉత్తరం ఎవరి పేర పోతుంది? ఈ యాప్‌లో "ఎప్పుడూ ఈ ఖాతా నుంచే పంపు" అని శాశ్వతంగా నిర్ణయించే ఏర్పాటు లేదు. మీరు ఏ ఖాతా తెరిచి ఉంచి కొత్త ఉత్తరం మొదలుపెడతారో, దాని నుంచే పోతుంది. వచ్చిన ఉత్తరానికి జవాబిస్తే, అది వచ్చిన ఖాతా నుంచే జవాబు పోతుంది. మన కార్యదర్శి సొంత ఉత్తరాలు చూస్తూ చూస్తూ అక్కడే ఫిర్యాదు వ్రాశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కాబట్టి ఉత్తరం పైభాగాన From అన్న వరుస చూడండి. అక్కడ సొంత చిరునామా ఉంటే, దానిని నొక్కి సంఘం చిరునామాకు మార్చండి. పాల క్యానుకు మూత పెట్టే ముందు సంఘం నంబరు చూసుకున్నట్లే, పంపే ముందు ఈ వరుస చూసుకోవాలి. ఐఫోనులోని మెయిల్ యాప్‌లో మాత్రం Default Account అని ఒక ఏర్పాటున్నది. అక్కడ సంఘం ఖాతాను ఎంచుకుంటే కొత్త ఉత్తరాలు సాధారణంగా దాని నుంచే మొదలవుతాయి.

సంతకం ప్రతి ఖాతాకు విడిగా పెట్టాలి. ఎడమవైపు పైన ఉన్న మూడు గీతలు నొక్కి, క్రిందికి పోయి Settings తెరిచి, సంఘం ఖాతాను ఎంచుకొని, Mobile Signature లో వ్రాయాలి. సంఘం పేరు, రిజిస్టరు నంబరు, హోదా, ఫోను నంబరు చాలు. బీమా ఏజెంటు సంతకం సొంత ఖాతాలోనే ఉండాలి. ఇక్కడ వ్రాసినది ఈ ఫోనుకే వర్తిస్తుంది. సంఘం కంప్యూటరులో వేరే వ్రాసుకోవాలి.

మూడవది, ఉత్తరాలు ఎంతసేపటికొకసారి రావాలన్నది. జీమెయిల్ ఖాతాకు అదే Settings లో Sync Gmail అన్న గడిలో టిక్కు ఉంటే ఉత్తరాలు వచ్చినట్లే వచ్చి చేరతాయి. యాహూ వంటి ఖాతాకు Sync frequency అని ఉంటుంది. మన కార్యదర్శి ఛార్జింగు మిగులుతుందని దానిని Never చేశాడు. మందుల బిల్లు వచ్చినట్లు ఆయనకు తెలియనే లేదు. దానిని 15 నిముషాలకో గంటకో పెట్టుకుంటే సరిపోతుంది. అనుమానం వస్తే ఉత్తరాల జాబితాను వ్రేలితో క్రిందికి లాగి వదలండి. అప్పుడు మాత్రమే కొత్త ఉత్తరాలు కనిపిస్తే, లోపం ఈ ఏర్పాటులోనో, ఫోను బ్యాటరీ పొదుపులోనో ఉన్నట్లు.

కొత్త కార్యదర్శి చివరకు ఏమి చేశాడు? పాత కార్యదర్శిని పిలిపించి, ఆ ఫిర్యాదును సంఘం ఖాతాకు పంపించుకున్నాడు. అక్కడి నుంచి, సంఘం సంతకంతో, పై కార్యాలయానికి తిరిగి పంపాడు. తరువాత పాతాయన ఫోనులో నుంచి సంఘం ఖాతాలు రెండూ తీసివేయించి, పాస్‌వర్డులు మార్చాడు. ఫోనులో ఖాతా తీసివేస్తే అందులోని ఉత్తరాలు పోవు. సంస్థ కంప్యూటర్లలో భద్రంగానే ఉంటాయి.

ఈ సాయంత్రమే మీ మీ సంఘం ఖాతా నుంచి మీ సొంత ఖాతాకు ఒక ఉత్తరం పంపి చూడండి. పంపినవారి పేరు, సంతకం సరిగా ఉన్నాయో లేదో అక్కడే తేలుతుంది. రాబోయే తనిఖీలో నేను మొదట చూసేదీ అదే.

సెలవు.