గర్భసంచి తీయించుకునే ముందు

ఈ బడిలో చదివేటప్పుడు మేము ముట్టు అనే మాటను చెవిలో చెప్పుకునేవాళ్లం. ఈ రోజు మైకులోనే చెబుతాను. సార్లు లేచి వెళ్లకండి, మీ ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు.

పసుపు కొమ్ములు ఏరే పనికి వెళ్లే 42 ఏళ్లామె ఒకరు స్కానింగ్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "గర్భసంచిల గడ్డ ఉందట డాక్టరమ్మా, తీసెయ్యి, పీడ పోతది" అంది. హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉంది. నేను ముందు తేదీలు అడిగాను. రెండు నెలలు రాదట, వస్తే ఇరవై రోజులు ఆగదట.

సగం జవాబు అందులోనే ఉంది. అధిక రక్తస్రావానికి కారణాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, గర్భసంచిలోనే మార్పు రావడం: పాలిప్, ఫైబ్రాయిడ్ గడ్డ, గోడ మందమయ్యే అడినోమయోసిస్, కొందరిలో క్యాన్సర్. ఫైబ్రాయిడ్, అడినోమయోసిస్ ఉంటే సాధారణంగా నెలనెలా సమయానికే వస్తుంది, కానీ విపరీతంగా పోతుంది. రెండో రకంలో గర్భసంచి బాగానే ఉంటుంది, హార్మోన్ల వరుస తప్పుతుంది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టరాన్ తయారుకాదు. లోపలి పొర ఈస్ట్రోజన్‌తో పెరుగుతూ పోయి, ఎప్పుడో ఒకప్పుడు కొంచెం కొంచెంగా రోజుల తరబడి ఊడుతుంది. ఆమె చెప్పింది సరిగ్గా ఇదే.

మరి స్కానింగ్‌లో కనబడిన గడ్డ? అది 2 సెంటీమీటర్లు, బయటి గోడ మీద ఉంది. లోపలి పొరను తాకని అలాంటి గడ్డ ఇంత రక్తం పోనివ్వదు. ఈ వయసులో చాలామందికి ఉంటుంది. కాగితం మీద పేరు కనబడగానే నేరం దాని మీద వేస్తాం, అంతే.

ముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకున్నాం. చలి ఓర్వలేకపోతున్నానని, మలబద్ధకమని చెప్పింది కాబట్టి థైరాయిడ్ పరీక్ష రాశాను. నలభై దాటి, ఇన్నాళ్లుగా క్రమం తప్పింది కాబట్టి హార్మోన్ మాత్రలు మొదలుపెట్టకముందే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. క్యాన్సర్ లేదు. టీఎస్‌హెచ్ మాత్రం 38 ఉంది. 4, 5 దాటకూడదు. థైరాక్సిన్, ఐరన్, కొన్ని నెలలు ప్రొజెస్టరాన్ ఇచ్చాం. ఆరు నెలలకు హిమోగ్లోబిన్ 11కి వచ్చింది, ముట్టు నెలకు ఐదు రోజులకు చేరింది. గర్భసంచి ఆమెకే ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి సుమారు ముగ్గురు, మన తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. కొందరికి ఆపరేషన్ తప్పదు. క్యాన్సర్ ఉన్నా, మందులకు లొంగకపోయినా నేనే చేస్తాను. కానీ తేదీలు అడగకుండా చేయను.

టీచర్లకు ఒక మాట. మొదటి ముట్టు నుంచే విపరీతంగా పోయే అమ్మాయి ఉంటే, ముక్కు నుంచి తరచూ రక్తం వస్తుందా, పన్ను తీయించినప్పుడు ఆగలేదా అని అడగండి. అవునంటే అది ఈ రెండు రకాలకూ బయటిది, రక్తం గడ్డకట్టని జబ్బు కావచ్చు. స్కానింగ్‌తో అది బయటపడదు, దానికి వేరే రక్తపరీక్షలు కావాలి.