గుమాస్తా బాధ్యత తప్పించుకుంటాడా, మనమే తప్పిస్తామా?



అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడిగా పనిచేసిన డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో ఒక పుస్తకం రాశారు. పై అధికారుల మనసుల్లో కింది ఉద్యోగుల గురించి రెండు రకాల నమ్మకాలుంటాయని అందులో చెప్పారు. మొదటిది: మనిషికి పని ఇష్టం ఉండదు, భయపెడితేనే చేస్తాడు, బాధ్యత ఇస్తే తప్పించుకుంటాడు. దీనికి ఎక్స్ అని పేరు పెట్టారు. రెండోది వై: ఆటలాగే పని కూడా మనిషికి సహజం, తగిన పరిస్థితి ఉంటే బాధ్యతను తానే కోరుకుంటాడు.

నా సహోపాధ్యాయుడి ప్రావిడెంట్ ఫండ్ అప్పు దరఖాస్తు కోసం ఒక కార్యాలయానికి చాలాసార్లు వెళ్లాను. అక్కడి సూపరింటెండెంటు గారు హాజరు విషయంలో చాలా కఠినం. పదిన్నరకల్లా అందరూ కుర్చీల్లో ఉండేవారు. అయినా ఫైలు కదల్లేదు. జూనియర్ అసిస్టెంటు ప్రతిసారీ నోట్ ఫైలులో 'తగు ఆదేశాల కొరకు సమర్పించడమైనది' అని రాసి పైకి పంపేవాడు. తన అభిప్రాయం రాస్తే, అది తప్పయితే మెమో వస్తుంది. రాయకపోతే ఏమీ రాదు. సూపరింటెండెంటు గారేమో, 'చూశారా మాస్టారూ, వీళ్లకు బాధ్యతే లేదు' అనేవారు. ఆ అలవాటు నేర్పింది తన మెమోలేనని ఆయనకు తోచలేదు. మెక్‌గ్రెగర్ చెప్పిన అసలు సంగతి ఇదే. మన పర్యవేక్షణ వల్ల వచ్చిన ఫలితాన్ని మనిషి స్వభావమనుకుంటాం.

తరువాత వచ్చిన సూపరింటెండెంటు గారు అదే అసిస్టెంటుకు ఒక మాట చెప్పారు. కాగితాలు నువ్వే సరిచూడు, లోపాలన్నీ ఒకేసారి చెప్పు, ఇవ్వవచ్చో లేదో కారణంతో సహా నోట్‌లో రాయి. ఆమె వారానికోసారి పర్సనల్ రిజిస్టరు ముందు పెట్టుకుని, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని అతనితో కూర్చుని చూసేవారు. ఒకసారి అతను నిబంధన తప్పుగా చదివాడు. మెమో ఇవ్వకుండా, ఆ నిబంధనను పక్కన కూర్చోబెట్టి చదివించారు. కొన్నాళ్లకు మమ్మల్ని చూసి, 'మీరు రేపు రానక్కర్లేదు సార్, నేనే ఫోన్ చేస్తాను' అన్నది ఆ కుర్రవాడే.

వై అంటే పర్యవేక్షణ వదిలేయడం కాదు. నగదు పుస్తకం తనిఖీ మానకూడదు. లంచం తీసుకునేవాడికి నమ్మకం మందు కాదు. మెక్‌గ్రెగర్ కూడా ఆంటియాక్ కళాశాలకు అధ్యక్షుడిగా పనిచేశాక, అధికారాన్ని వాడకుండా నాయకుడు తప్పించుకోలేడని ఒప్పుకున్నారు. తేడా అంతా దేన్ని తనిఖీ చేస్తున్నామన్న దానిలో ఉంది: మనిషి కుర్చీలో ఉన్నాడా అన్నదా, పని ఎక్కడ ఆగింది అన్నదా?

మీలో అధికారులున్నారు. రేపు ఆఫీసుకు వెళ్లాక ఏవైనా పది నోట్ ఫైళ్లు తెప్పించి చూడండి. కిందివారు కారణం రాసి సిఫారసు చేసినవి ఎన్ని, 'ఆదేశాల కొరకు' అని వదిలేసినవి ఎన్ని? రెండో రకమే ఎక్కువుంటే, ముందుగా మనమిచ్చిన మెమోలను తిరగేసి చూసుకుందాం.