నడక మీద భారం, కంచం మీద నేరం
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్‌లో డాక్టరుగా ఉన్నావు కాబట్టి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఆరోగ్యం అంటే సముద్రం. అందులోంచి ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ ప్రశ్న నాది కాదు, ఇక్కడే కూర్చున్న మన మిత్రుడిది. పేరు చెప్పనని మాటిచ్చి, అతని లెక్కలు మాత్రం చెప్పడానికి అనుమతి తీసుకున్నాను.

ఒకరోజు మా క్లినిక్‌కు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఏంరా డాక్టరూ, ఆర్నెల్ల సంది మానేరు డ్యాం కట్ట మీద రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్న. బూట్లు అరిగినయి గని బరువు అరగలే. కిలోన్నర తగ్గిన, అంతే. నా ఒంట్లో ఏదో రోగమున్నట్టుంది, చూడు" అన్నాడు. థైరాయిడ్ పరీక్ష చేయించాను. ఏ రోగమూ లేదు. ఉన్నదల్లా ఒక చిన్న కూడిక, తీసివేత. ఈ బడిలో లెక్కల సారు మనకు నేర్పిందే.

మొదలుపెట్టినప్పుడు అతని బరువు 84 కిలోలు. ఐదు కిలోమీటర్లు నడవడానికి గంట పడుతుంది. ఆ గంటకు దాదాపు 300 కేలరీలు ఖర్చయినట్టు ఫోను చూపిస్తుంది. కానీ ఆ గంటసేపు ఇంట్లో కుర్చీలో కూర్చున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒళ్లు వెచ్చగా ఉండడానికి 80 కేలరీలకు పైగా ఖర్చయ్యేవే. వాటిని తీసేస్తే నడక వల్ల అదనంగా ఖర్చయినవి సుమారు 210. లెక్క సులువు: సమతలం మీద కిలోమీటరు నడిస్తే, ఒంటి బరువులో ప్రతి కిలోకు అర కేలరీ చొప్పున అదనపు ఖర్చు.

ఒక కిలో కొవ్వులో దాచుకున్న శక్తి దాదాపు 7,700 కేలరీలు. రోజుకు 210 చొప్పున నెలకు 6,300. అంటే ఇంకేమీ మారకపోతే నెలకు ముప్పావు కిలోకు కొంచెం పైన, ఆరు నెలలకు ఐదు కిలోలు తగ్గాలి. తగ్గింది కిలోన్నర. మిగతా మూడున్నర ఎటు పోయింది?

"నడక అయినంక ఏం జేస్తవ్?" అని అడిగాను. నవ్వాడు. కట్ట దిగగానే నడక దోస్తులతో ఒక చాయ్. వారానికి రెండుసార్లు మైసూరు బజ్జి. "గంట నడిచినం గద, ఆ మాత్రం తినద్దా?" పాలు, చక్కెర కలిసిన చాయ్ 70 కేలరీలు అనుకుందాం. నూనెలో వేగిన బజ్జి ప్లేటు 250కి తగ్గదు. వారానికి రెండంటే రోజుకు సగటున 70. మొత్తం 140. నడకతో ఖర్చయిన 210లోంచి 140 కట్ట దిగువనే తిరిగి వచ్చాయి. మిగిలిన 70ని ఆరు నెలలకు లెక్కగడితే కిలోన్నర. బరువు చూసే మిషన్ అబద్ధం చెప్పలేదు.

అతను తిండిపోతు కాదు. పని చేసిన ఒళ్లు తిండి అడగడం ప్రకృతి. ఈ సంగతి నేను పుస్తకాల కంటే ముందు మా ఇంట్లో చూశాను. మా బాపు మందమర్రిలో బొగ్గు బాయి పనివాడు, కోల్ ఫిల్లర్. చెమ్మాసు పట్టుకుని బొగ్గు ఎత్తి టబ్బులు నింపడమే పని. పారపనికి గంటకు సుమారు 300 కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. షిఫ్టులో నాలుగు గంటలు చెయ్యి ఆడినా 1,200. మన మిత్రుడి నడకకు ఐదారు రెట్లు. బాపు తినే అన్నం కుప్ప చూసి చుట్టాలు నోరు తెరిచేవారు. అయినా ఆయన పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చేసినంత తిన్నాడు, తిన్నంత చేశాడు. బరువు ఉన్నచోటే ఉంది.

తర్వాత బాయిలోకి మిషన్లు వచ్చాయి. బాపుకు పైన సర్ఫేస్ మీద కూర్చునే పని ఇచ్చారు. చెమ్మాసు పోయింది, కంచం పోలేదు. నాలుగేళ్లలో పొట్ట వచ్చింది, తర్వాత షుగర్ వచ్చింది.

డాక్టరీ చదివాక ఒక పరిశోధన కంటబడింది. కలకత్తా దగ్గరి ఒక జూట్ మిల్లు కార్మికుల తిండిని, పనిని, బరువును జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, ఆయన సహచరులు పరిశీలించి 1956లో అచ్చు వేశారు. తేలిక పని నుంచి మోతపని దాకా వెళ్తే, పని పెరిగిన కొద్దీ తిండీ పెరిగింది. బరువులో పెద్ద తేడా లేదు. కానీ అసలు కదలకుండా కూర్చునే వాళ్లు మోతపని వాళ్లకు తీసిపోకుండా తింటున్నారు, బరువూ ఎక్కువే ఉన్నారు. అది చదువుతుంటే నాకు మా బాపే కనిపించాడు, ముందూ వెనకా రెండు ఫొటోల్లోలాగ.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, కదలిక పూర్తిగా ఆగిపోతే ఆకలి దానికి తగినట్టు తగ్గదు. రెండు, కదలిక పెరిగితే ఆకలి వెంటే పెరుగుతుంది. అందుకే వ్యాయామం ఒక్కటే చేసి పెద్దగా బరువు తగ్గినవాళ్లు అరుదు. రోజుకు మూడు నాలుగు గంటలు కఠినమైన శిక్షణలో ఉండి, కొలిచిన భోజనం తినేవాళ్లు తగ్గుతారు. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లకు అది కుదిరేది కాదు.

శరీరం చేసే సర్దుబాటు ఇంకొకటి ఉంది. టాంజానియాలో హడ్జా అనే వేట, సేకరణ మీద బతికే జనం ఉన్నారు. రోజంతా నడుస్తారు, తవ్వుతారు. వాళ్ల రోజువారీ శక్తి ఖర్చును కొలిచి 2012లో ప్రచురించారు. ఒంటి సైజును లెక్కలోకి తీసుకుంటే, ఆ ఖర్చు అమెరికా, ఐరోపా పట్నాల్లో ఉండేవాళ్లతో దాదాపు సమానంగా తేలింది. ఒకచోట ఖర్చు పెరిగితే శరీరం ఇంకోచోట పొదుపు చేస్తుందని దీన్నిబట్టి శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. మన దగ్గర దీనికి తోడు మనమే పొదుపు చేస్తాం. పొద్దున నడిచామని మధ్యాహ్నం గంట పడుకుంటాం, వీధి చివరి దుకాణానికి బండి తీస్తాం.

"మరి నడక మానెయ్యాల్నా?" అన్నాడు మిత్రుడు. మానొద్దు. నడకకు దాని పని అప్పగించి, తగ్గించే పని కంచానికి అప్పగించాలి అన్నాను. ఇద్దరం కూర్చుని, చెల్లెమ్మను కూడా పిలిచి ఇంటి లెక్క చూశాం.

మొదట నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా. మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే ఉంది. నెలకు మూడున్నర లీటర్లకు తెచ్చారు. మనిషికి రోజుకు 100 కేలరీలు తగ్గాయి. ఏ కూరా మానలేదు, తాలింపులో గరిటె బదులు చెంచా వచ్చింది.

తర్వాత అన్నం. అతను రోజుకు తినే బియ్యం 300 గ్రాములు. దాన్ని 200 చేశాం. తగ్గినవి 350 కేలరీలు. కానీ ఊరికే తగ్గిస్తే రాత్రి పదింటికి ఆకలేసి గరిజెల డబ్బా తెరుస్తాడు. అందుకని పప్పు పెంచాం, ఒక గిన్నెడు కూర ఎక్కువ పెట్టాం. వాటివి 150 పోను నికరంగా 200 తగ్గాయి. కడుపు మాత్రం నిండింది. ఇక్కడొక మాట. అన్నం మానేసి జొన్న రొట్టెలు తింటే చాలనుకునేవాళ్లు మన ఆదిలాబాద్ వైపు చాలామంది. జొన్నల్లో పీచు ఎక్కువ, నిదానంగా నమిలి తింటాం, మంచిదే. కానీ గ్రాముకు గ్రాము చూస్తే జొన్నల కేలరీలు బియ్యానికి దగ్గరదగ్గరే. లెక్క లేకుండా తింటే రొట్టె అయినా ఒకటే.

మూడోది చాయ్‌లో చక్కెర, బజ్జీలు. రెండూ మానాడు, చాయ్ ఉంచాడు. ఇంకో 110. అన్నీ కలిపి రోజుకు 400 పైచిలుకు. రెండు గంటలు నడిస్తే ఖర్చయ్యేంత. నడక మాత్రం ఎప్పటిలాగే సాగింది.

ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. కాగితం మీద లెక్కేస్తే ఇంకా ఎక్కువ తగ్గాలి. తగ్గదు. బతుకమ్మ వస్తుంది, పెళ్లిళ్లొస్తాయి, సంక్రాంతికి సకినాలు వస్తాయి. పైగా ఒళ్లు తేలికైన కొద్దీ ఖర్చూ తగ్గుతుంది. 75 కిలోల మనిషికి అదే ఐదు కిలోమీటర్లకు 210 కాదు, 190 లోపే. అందుకే కొన్నాళ్లకు ముల్లు ఒకచోట ఆగుతుంది. ఆగితే అది ఓటమి కాదు, కొత్త లెక్క.

నడక అసలు విలువ తెలిసేది అప్పుడే. తిండి ఒక్కటే తగ్గించి సన్నబడితే, తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కండ ఉంటుంది. అరవై దాటిన మనకు కండ పోతే కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. నడకతోపాటు వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం లాంటివి చేస్తే ఆ నష్టం తగ్గుతుంది. తగ్గిన బరువు మళ్లీ రాకుండా నిలబెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది రోజూ వ్యాయామం చేసేవాళ్లే. బరువు తగ్గకపోయినా పొట్ట లోపలి కొవ్వు కొంత కరుగుతుంది, షుగర్, బీపీ మెరుగుపడతాయి. ఇవి బరువు మిషన్‌కు కనబడవు.

కాబట్టి కొలత టేపు కూడా కొనండి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బరువు వారానికి ఒక్కసారే, పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు చూడండి. ఒంట్లో నీరు మారితేనే ఒకటి రెండు కిలోలు అటూఇటూ అవుతుంది. దానికి సంబరమూ వద్దు, దిగులూ వద్దు.

ఒక హెచ్చరిక. షుగర్‌కు ఇన్సులిన్ గాని, షుగర్‌ను బాగా దించే మాత్రలు గాని వాడేవాళ్లు, తిండి తగ్గించి నడక పెంచేముందు తప్పకుండా మీ డాక్టరుతో మోతాదు మాట్లాడండి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే షుగర్ పడిపోయినట్టే. అప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి.

మా బాపుకు ఈ లెక్క చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఆయన చేసిన తప్పల్లా, పని మారిన రోజున కంచం మార్చకపోవడం. మనలో చాలామందికి ఈ మధ్యే పని మారింది. రిటైరయ్యాం.

వంటశాల నుంచి బగారా అన్నం వాసన వస్తోంది. యాభై ఏళ్లకోసారి వచ్చే విందు, తృప్తిగా తినండి. మన మిత్రుడూ తింటాడు, నేనూ తింటాను. రేపు పొద్దున కట్ట మీద నడుస్తాం. దిగాక చాయ్ మాత్రం చక్కెర లేకుండా.