జాయింటు మీదుగా సాగే కుట్టు

ఉత్తర జపాన్ పల్లెల్లో నీలి బట్టలకు తెల్ల నూలుదారంతో వేసిన రన్నింగ్ కుట్టే సషికో. చిరుగును దాచకుండా, కనిపించేలా బాగుచేస్తుంది. మా అబ్బాయి జీన్స్ మోకాలి దగ్గర, లోపలి జాయింటును ఆనుకుని అరిగింది. దాన్ని ఎలా కుట్టానో చెబుతాను.

ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డను లోపలివైపు మాసికగా పెట్టాను. అరిగిన చోటును దాటి చుట్టూ 2 సెంటీమీటర్లు ఉండాలి. కుట్లు గట్టిబట్ట దాకా వెళ్లకపోతే మాసిక అంచునే మళ్లీ చిరుగుతుంది.

కొలత మాసిక అంచు నుంచి మొదలుపెడితే నమూనా జాయింటు దగ్గర తప్పుతుంది. అందుకే జాయింటు మధ్యలో ఒక కుట్టు నిలిచేలా సుద్దతో గుర్తుపెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా కొలిచాను. పైన 4 మిల్లీమీటర్లు, కింద 3. తేడా ఏమైనా మిగిలితే అది అంచుకు పోతుంది.

మామూలు చోట సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగొచ్చు. జాయింటు మందం మీద అలా చేస్తే సూది ఏటవాలుగా దిగి గీత తప్పుతుంది. అక్కడ సూదిని నిలువుగా దించుతూ ఒక్కొక్క కుట్టే వేయాలి.

వరుస అయ్యాక బట్టను వేళ్లతో సాగదీయండి. ముడత పోకపోతే దారం బిగిసినట్టే. వరుస మలిగే చోట కాస్త వదులు ఉంచాలి. సాగే జీన్స్‌కు మాత్రం ఇది అంతగా నప్పదు. బట్ట సాగినంత దారం సాగదు.